షబ్ అంటే రాత్రి, మన్ అంటే నేను

ఖవ్వాలీ వింటున్న తెలుగువాడికి పాట చేజారే చోటు ఒకటుంది. ఢోలక్, చప్పట్లు సాగుతూ ఉంటాయి. ప్రధాన గాయకుడు ఉర్దూలో ఒక చరణం అందుకుంటాడు. హిందీ సినిమా పాటలకు అలవాటుపడ్డ చెవికి అది బాగానే అందుతుంది. ఉన్నట్టుండి ఆయన హార్మోనియం మీంచి చెయ్యి తీసి గాలిలోకి చాచి, గొంతు కొంచెం పైకి లేపి, వేరే ఏదో చదువుతాడు. ముందు వరుసలో కూర్చున్న పెద్దలు తలలూపుతారు, ఒకరిద్దరు లేచి డబ్బులు సమర్పిస్తారు. ఆ చదివింది ఫారసీ. మనం దిక్కులు చూస్తుండగానే ఆయన మళ్లీ ఉర్దూలోకి వచ్చేస్తాడు.

పాలకొల్లులో నాకు తెలిసిన కొబ్బరి వ్యాపారి ఒకాయన ఉన్నారు. పద్యనాటకమంటే ప్రాణం, ఈమధ్య ఖవ్వాలీ మీద మనసు పడింది. "పాటంతా అర్థమైనట్టే ఉంటుందండి మాస్టారూ, సరిగ్గా జనం వాహ్ వాహ్ అన్నచోటే నాకు జారిపోతోందండి" అన్నారు. ఆయనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పద్ధతి కొత్తదేమీ కాదు. బళ్లో పద్యం చెప్పేటప్పుడు మన మాస్టార్లు పదం విడగొట్టి, ప్రతిపదార్థం చెప్పి, అన్వయం కుదిర్చి, చివరికి తాత్పర్యం చెప్పేవారు. ఫారసీ పాదానికీ అది చక్కగా సరిపోతుంది. పైగా ఖవ్వాలీలో ఆ పని చేసుకోవడానికి కావలసినంత వ్యవధి గాయకుడే ఇస్తాడు. అదెలాగో ముందుకు వెళ్లాక చెబుతాను.

రెండు భాషలూ ఒక పాటలోకి ఎలా వచ్చాయో ముందు రెండు మాటలు. ఢిల్లీ సుల్తానుల కాలంలో ఆస్థానానికీ, కవిత్వానికీ, సూఫీల బోధకూ ఫారసీ భాష. వీధిలో, వంటింట్లో హిందవి. అమీర్ ఖుస్రౌ (1253–1325) ఫారసీలో మహాకవి, నిజాముద్దీన్ ఔలియా శిష్యుడు. ఖవ్వాలీ గాయకులు తమ సంప్రదాయానికి మూలపురుషుడిగా కొలిచేది ఈయన్నే. 'జిహాల్-ఎ-మిస్కీన్' అనే ప్రసిద్ధ గజల్ ఈయన పేరిటే చెలామణీలో ఉంది. అందులో సగం ఫారసీ, సగం హిందవి. అది ఖుస్రౌ రాసిందేనా అని పండితుల్లో సందేహాలున్నాయి కానీ, గాయకులకు ఆ సందేహం లేదు. ఇలా కలగలిపిన కవిత్వానికి 'రేఖ్తా' అని పేరు వచ్చింది, తర్వాత ఆ పేరే చాలాకాలం ఉర్దూ కవిత్వానికి నిలిచింది. మనకూ ఇది వింత కాదు. పాల్కురికి సోమనాథుడు వృషాధిప శతకంలో తెలుగుతో పాటు పొరుగు భాషల్లోనూ, మణిప్రవాళంలోనూ పద్యాలు రాశాడు.

ఇక పాదంలోకి వెళ్దాం. ప్రసిద్ధ కవుల పంక్తులు ఇక్కడ ఎత్తి రాయడం లేదు. ఖవ్వాలీలో పదే పదే వినిపించే మాటలతో, అదే ఛందస్సులో, పాఠం కోసం నేనే కూర్చిన రెండు పాదాలివి. మొదటిది ఫారసీ, రెండోది ఉర్దూ.

షబే హిజ్రస్తొ మన్ బేయార్ మాందమ్
సహర్ తక్ రాహ్ తక్తీ హైఁ యె ఆఁఖేఁ

మొదటి పాదాన్ని గాయకుడు పలికినట్టే రాశాను. కొత్త శ్రోతకు వినిపించేది ఇలాగే, ముద్దగా. దీన్ని విడగొడితే: షబ్, ఎ, హిజ్ర్, అస్త్, ఒ, మన్, బే, యార్, మాందమ్. సంధులు విడదీసిన అలవాటున్న తెలుగువాడికి ఇది కష్టం కాదు. 'హిజ్ర్', 'అస్త్', 'ఒ' మూడూ కలిసి 'హిజ్రస్తొ' అయ్యాయి.

షబ్ అంటే రాత్రి. షబే బరాత్ పండుగ పేరులో ఉన్నది ఈ మాటే. హిజ్ర్ అంటే ఎడబాటు, ఇది అరబ్బీ నుంచి ఫారసీలోకి వచ్చింది. ఈ రెంటి మధ్య ఉన్న 'ఎ' చిన్నదే గానీ, ఫారసీ పాదానికి తాళంచెవి లాంటిది. దీన్ని ఇజాఫత్ అంటారు. ముందున్న మాటను వెనకున్న మాటకు అప్పగిస్తుంది. మన దగ్గర విశేషణం ముందు వస్తుంది, 'ఎడబాటు రాత్రి' అంటాం. ఫారసీలో రాత్రి ముందు, ఎడబాటు వెనక. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే కోహినూరు పేరు తీసుకోండి. కోహ్ అంటే కొండ, నూర్ అంటే కాంతి, మధ్యలోది ఇజాఫత్. వెనకనుంచి ముందుకు చదివితే 'కాంతి కొండ'. ఖవ్వాలీలో రెండు మాటల మధ్య 'ఎ' వినిపించిందంటే వెనకనుంచి చదవాలి. మూడు మాటలు రెండు ఇజాఫత్‌లతో వరుసగా వచ్చినా అంతే, చివరి మాట నుంచి మొదలుపెట్టి ముందుకు రావాలి.

అస్త్ అంటే 'ఉంది', 'అయి ఉంది'. సంస్కృతంలోని 'అస్తి'కి దగ్గరి చుట్టం, కాబట్టి మళ్లీ మరిచిపోయే ప్రమాదం లేదు. ఒ అంటే 'మరియు'. హిందీ తెలిసినవారు దీన్ని 'వో', అంటే 'అతడు' అనుకుంటారు. రెండు మాటల మధ్య పొట్టిగా, ముందు మాటకు అతుక్కుని వినిపిస్తే అది 'మరియు' మాత్రమే.

తర్వాతి మాట 'మన్'. మా కొబ్బరి వ్యాపారి మిత్రుడు ఇక్కడే పొరబడ్డారు. "మనసు చెలికాడు లేక మిగిలిపోయింది, అంతేనా అండి?" అన్నారు. అర్థం ఎంత ముచ్చటగా కుదిరిందో చూడండి, అందుకే ఈ పొరపాటు అంత తేలిగ్గా దొరకదు. హిందీలో మన్ అంటే మనసు, ఫారసీలో మన్ అంటే నేను. ఏదో తేల్చుకోవాలంటే పాదం చివరికి వెళ్లాలి. ఫారసీలో, ఉర్దూలో, తెలుగులో మామూలుగా క్రియ చివరే ఉంటుంది. ఇక్కడ చివర 'మాందమ్' ఉంది. మాంద్ అంటే మిగిలింది. దానికి 'అమ్' తగిలితే మిగిలాను. మన 'వచ్చాను, చూశాను' మాటల్లో 'ను' చేసే పనే ఫారసీలో 'అమ్' చేస్తుంది. క్రియ 'నేను' అంటోంది కాబట్టి మన్ కూడా నేనే. మనసు అయ్యుంటే క్రియ 'మాంద్' దగ్గరే ఆగేది.

బే అంటే లేకుండా. బేఖాతరు, బేవారసు అని రోజూ అంటూనే ఉన్నాం. యార్ అంటే చెలికాడు, చెలి, ఆత్మీయుడు. ఫారసీకి లింగభేదం లేదు, కాబట్టి ఎవరో ఆ మాట చెప్పదు. ఇది మనసులో పెట్టుకోండి, దీనితో పని ఉంది.

అన్వయం: ఎడబాటు రాత్రి ఇది, నేను చెలికాడు లేకుండా మిగిలిపోయాను.

రెండో పాదానికి ఇంత శ్రమ అక్కర్లేదు. సహర్ అంటే తెల్లవారుజాము, రంజాను నెలలో 'సహరీ' వేళ అనేది దీన్నుంచే. తక్ అంటే దాకా, రాహ్ అంటే దారి, తక్తీ హైఁ అంటే చూస్తున్నాయి, యె ఆఁఖేఁ అంటే ఈ కళ్లు. తెల్లారేదాకా ఈ కళ్లు దారి చూస్తున్నాయి. సహర్, రాహ్ ఉర్దూకు బయటినుంచి వచ్చినవే, మిగిలినవి దేశీయాలు. ఉర్దూ పాదాన్ని గుర్తుపట్టే తేలిక మార్గం కూడా ఇదే. హై, హైఁ, కా, కీ, నే వంటి చిన్న మాటలు వినిపిస్తే ఉర్దూ. అవి లేకుండా అస్త్, శుద్, అమ్ వినిపిస్తే ఫారసీ. పెద్ద మాటల్ని నమ్ముకోకూడదు. దిల్, ఇష్క్, జాన్, సాకీ రెండు భాషల్లోనూ ఉంటాయి.

ఒక విషయం గమనించండి. రెండో పాదం మొదటిదానికి అనువాదం కాదు. మొదటిది స్థితి చెప్పింది: రాత్రి, ఎడబాటు, నేను. రెండోది ఆ స్థితిలో జరుగుతున్నది చెప్పింది: కళ్లు, దారి, తెల్లవారుజాము. అయినా ఫారసీ ఒక్క ముక్క రానివాడికి కూడా రెండో పాదం వినగానే మొదటిదాని భావం చూచాయగా తడుతుంది. తెల్లార్లూ దారి చూస్తున్నారంటే ఎవరో రాలేదన్నమాటే కదా. ఈ కలగలుపు కవిత్వపు అసలు నేర్పు అక్కడుంది. ఫారసీ పాదం బిగువుగా, పెద్దరికంగా మాట్లాడుతుంది. దేశభాష పాదం ఇంట్లో మనిషిలా వచ్చి దాన్ని మన దగ్గరికి చేరుస్తుంది. ఖుస్రౌ పేరిట ఉన్న ఆ గజల్లోనూ హిందవి సగం గొంతు విరహిణి అయిన ఆడపిల్లది, ఫారసీ సగం గొంతు దర్బారు ప్రేమికుడిది. భాష మారడంతో మాట్లాడే మనిషే మారినట్టుంటుంది.

రెండు భాషలూ ఒకే బాణీలో ఎలా ఇముడుతాయన్నది మీరు అడగాల్సిన ప్రశ్న. ఛందస్సు ఒకటే. పై పాదాలు రెంటికీ గణవిభజన చేస్తే యగణం మీద ఒక గురువు, మళ్లీ యగణం మీద ఒక గురువు, చివర ఒట్టి యగణం వస్తాయి. ఫారసీ లెక్కలో మనకు కొత్తది ఒక్కటే. దీర్ఘం తర్వాత పొల్లు వస్తే ఆ పొల్లును విడిగా లఘువుగా లెక్కపెడతారు. అందుకే 'యార్'లో రకారపు పొల్లు, 'రాహ్'లో హకారపు పొల్లు చెరొక లఘువుగా నిలిచాయి. ఇజాఫత్ 'ఎ'ను అవసరాన్ని బట్టి పొట్టిగానో, సాగదీసో పలుకుతారు. ఇక్కడ 'షబే' అని సాగదీయాలి, లేకపోతే గణం తప్పుతుంది. గాయకుడు 'ఎ'ను సాగదీసినప్పుడు కొత్త శ్రోత అదేదో వేరే మాట అనుకుంటాడు. కాదు, ఛందస్సు కోసం పడిన సాగుడు అది.

ఇప్పుడు గాయకుడు ఈ రెండు పాదాలతో ఏం చేస్తాడో చూద్దాం. మొదట 'షబే హిజ్ర్' దాకా వచ్చి ఆగుతాడు. పక్కవాళ్లు దాన్నే తిరిగి పాడతారు. మళ్లీ అదే, ఈసారి స్వరం కొద్దిగా మార్చి. పాదం మొత్తం చెప్పేసరికి మొదటి ముక్క మన చెవిలో పలుమార్లు పడి ఉంటుంది. దీన్ని తక్రార్ అంటారు. మన రంగస్థలం మీద 'వన్స్ మోర్' అంటే నటుడు పద్యమంతా మళ్లీ ఎత్తుకుంటాడు. ఖవ్వాల్ అలా చేయడు. శ్రోతకు తగిలిన ముక్క ఏదో కనిపెట్టి దాన్నే పట్టుకుంటాడు. ఒక్కోసారి అది పాదం కూడా కాదు, 'బేయార్' అన్న ఒక్క మాటే. ప్రతిపదార్థం చెప్పుకోవడానికి వ్యవధి దొరుకుతుందని నేనన్నది ఇందుకే. మొదటి ఆవృత్తిలో మాటలు విడగొట్టుకోండి, రెండోసారి క్రియ చివర చూసుకోండి, మూడోసారికి వెనకనుంచి ముందుకు అన్వయించండి. నాలుగోసారి గాయకుడితో పాటు ఉంటారు.

సూఫీ సభలో తక్రార్‌కు కఠినమైన నియమం ఉంది. ఒక పాదం విని ఎవరైనా తన్మయత్వంలో పడితే, ఆ మనిషి తేరుకునేదాకా గాయకుడు ఆ పాదం వదలకూడదు. 1235లో ఢిల్లీలో కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ అనే సూఫీ గురువు అహ్మద్-ఎ-జామ్ రాసిన ఒక ఫారసీ ద్విపద వింటూ ఇలాంటి స్థితిలోకి వెళ్లారనీ, రోజుల తరబడి గాయకులు దాన్నే పాడారనీ, ఆ స్థితిలోనే ఆయన కన్నుమూశారనీ చిష్తీ సంప్రదాయం చెబుతుంది. ఒక పాదానికి ప్రాణం పోయేట్టుగా, మరో పాదానికి తిరిగి వచ్చేట్టుగా ఉండేవారట. ఖవ్వాల్ కుటుంబాల్లో పిల్లలకు ఈ కథ చెప్పడంలో ఉద్దేశం ఒక్కటే, ఎదుటివాడి ముఖం చూసి పాడమని.

తక్రార్ తర్వాత వచ్చేది గిరహ్, అంటే ముడి. మొదట్లో చెప్పిన 'ఉన్నట్టుండి వేరే ఏదో' చదవడం ఇదే. ఉర్దూ పాదం 'రాహ్ తక్తీ హైఁ యె ఆఁఖేఁ' నడుస్తోందనుకోండి. గాయకుడు తాళాన్ని పక్కవాళ్లకు వదిలేసి మరో కవి నుంచి ఫారసీ పాదం తెస్తాడు. మన పాఠానికి నేను కూర్చినది ఇలా ఉంటుంది:

దొ చష్మమ్ బర్ రహత్ బేదార్ మాందస్త్

దొ అంటే రెండు, హిందీ 'దో'కు చుట్టమే. చష్మ్ అంటే కన్ను, కళ్లజోడుకు చష్మా అన్న పేరు దీన్నుంచి వచ్చింది. దాని చివర మళ్లీ 'అమ్' ఉంది. జాగ్రత్త, ఇది క్రియ కాదు. నామవాచకం చివర 'అమ్' వస్తే 'నా' అని అర్థం. చష్మమ్ అంటే నా కన్ను. బర్ అంటే మీద. రహ్ అంటే రాహే, దారి, పొట్టిగా. చివరి 'అత్' అంటే 'నీ', రహత్ అంటే నీ దారి. బేదార్ అంటే మెలకువగా. ఇక్కడి 'బే'ని విడగొట్టకండి, ఇది 'లేకుండా' అనే 'బే' కాదు, మొత్తం ఒకే మాట. మాంద అస్త్ కలిసి మాందస్త్, మిగిలి ఉంది. నా రెండు కళ్లూ నీ దారి మీద మేలుకునే మిగిలాయి.

ముడి ఎక్కడ పడిందో చూడండి. ఫారసీలో రహ్, ఉర్దూలో రాహ్. ఫారసీలో చష్మ్, ఉర్దూలో ఆఁఖ్. ఛందస్సు కూడా అదే కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు బాణీ తడుముకోదు. గాయకుడు ఫారసీ పాదం ముగించి 'యె ఆఁఖేఁ' మీద దిగుతాడు, తాళం అక్కడే కలుస్తుంది. అంతకుముందు 'ఈ కళ్లు' మామూలు కళ్లు. ముడి పడ్డాక అవి 'నీ' దారి మీద ఉన్న కళ్లు. ఉర్దూ పాదంలో లేని 'నీ'ని ఫారసీ పాదం తెచ్చిపెట్టింది. మంచి గిరహ్‌కు గుర్తు ఇదే, తిరిగి వచ్చాక పాత పాదంలో కొత్త అర్థం కనబడాలి. ఛందస్సు కుదిరి, మాట కూడా కలిసి, అర్థం మాత్రం ఉన్నచోటే ఉంటే అది బలహీనమైన ముడి. ఒట్టి పాండిత్యం చూపించడానికి వేసే ముడులు వేదికల మీద చాలా వింటాం. వాటికి చప్పట్లు పడతాయి గానీ, పెద్దలు తల ఊపరు.

ఇక 'యార్' సంగతి. ప్రతిపదార్థం మనల్ని గుమ్మం దాకా తెచ్చి ఆపుతుంది. చెలికాడెవరు? దర్గాలో సమాధి ఎదుట పాడితే అది ఆ గురువు. కొందరికి ప్రవక్త, కొందరికి దేవుడే. పెళ్లి సభలో అదే పాదం మామూలు వలపు పాట. గాయకుడు పేరు చెప్పడు, ముడి ద్వారా సూచిస్తాడు. పై పాదాల తర్వాత ఖ్వాజా అనో, పీర్ అనో ఉన్న ఫారసీ పాదం ముడివేస్తే యార్ గురువైపోతాడు. సాకీ, మై, మైఖానా వచ్చినా కంగారుపడొద్దు. మై అంటే మద్యం, ఖానా అంటే ఇల్లు, మన బందిఖానాలో ఉన్న ఖానాయే. సూఫీ సభలో ఆ మద్యం ప్రేమ, పోసేవాడు గురువు. ఫర్యాద్ వినిపిస్తే అది కచేరీలో ఇచ్చే ఫిర్యాదుకు పుట్టిల్లు. పాటలో దాని అర్థం గుండె అరుపు. గోల్కొండ ఏలుబడి, సర్కారు జిల్లాల దస్తావేజులు ఇలాంటి మాటల్ని గోదావరి ఒడ్డుకు ఎప్పుడో చేర్చాయి. చాలా మాటలు మన ఇంట్లోనే ఉన్నాయి, వాటి పాత కొలువు మాత్రం తెలుసుకోవాలి.

తెలుగు లిపిలో రాసుకున్న పాఠాలతో ఒక చిక్కుంది. గొంతులోంచి పలికే అరబ్బీ ధ్వనులు మన లిపిలో పడవు. 'బాద్' అని రాస్తే గాలి కావచ్చు, 'తర్వాత' కావచ్చు. మూలంలో అవి రెండు వేర్వేరు వర్ణక్రమాలు. 'బాద్-ఎ-సబా' అని ఇజాఫత్‌తో వస్తే వేకువ గాలి. 'బాద్ మేఁ' అని ఉర్దూ ప్రత్యయంతో వస్తే తర్వాత. లిపి దాచిన తేడాను పక్క మాట చెబుతుంది కాబట్టి, ఒక్క మాటకు అర్థం వెతక్కుండా ముందూ వెనకా కలిపి రాసుకోండి.

మనకు దగ్గరలో ఈ విద్య సజీవంగా ఉన్నది హైదరాబాదులో. పాలకొల్లులో రాత్రి నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం. 1971లో పద్మశ్రీ అందుకున్న అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ అక్కడివారే. ఆయన మనుమలు వార్సీ సోదరులుగా ఆ పాటను కొనసాగించారు. వారి రికార్డింగులతో మొదలుపెట్టడం మన చెవికి మంచిది, ఖుస్రౌ పేరిట ఉన్న పాటలు విడివిడిగా, తొందర లేకుండా వినిపిస్తాయి.

వినేటప్పుడు రికార్డింగు ఎక్కడిదో చూసుకోండి. టిక్కెట్టు పెట్టిన వేదికల మీద, టీవీ కోసం పాడినప్పుడు ఫారసీ బాగా తగ్గిపోతుంది. జనానికి అందదని గాయకుడే ఉర్దూ ముడులు ఎంచుకుంటాడు. దర్గా ఉర్సు సభలో, ఫారసీ తెలిసిన పెద్దలు ముందు కూర్చున్నప్పుడు అదే గాయకుడు అదే పాటలో వరుసగా ఫారసీ పాదాలు ముడివేస్తాడు. అందుకే ఒక పాటకు పుస్తకంలో అచ్చైన సాహిత్యం, మీరు వింటున్న సాహిత్యం ఎప్పుడూ సరిపోలవు. అచ్చులో ఉన్నది పాట వెన్నెముక మాత్రమే. ముడులు ఆ రాత్రివి, వాటిని వింటూ మీరే రాసుకోవాలి. మా మిత్రుడు ఇప్పుడు కొబ్బరి లెక్కల పుస్తకం వెనక పేజీల్లో ఆ పనే చేస్తున్నారు. ఎడమవైపు విన్నది విన్నట్టు, కుడివైపు విడగొట్టిన మాటలు, తెలియని మాట దగ్గర ఖాళీ. మొన్న ఒక ముడిలో 'దర్' దగ్గర ఆగారు. ఫారసీలో అది 'లో' అనే విభక్తి, అదే మాటకు తలుపు అన్న అర్థమూ ఉంది. ఆ పాదంలో దర్ తర్వాత 'దిల్' ఉంది, మధ్యలో ఇజాఫత్ లేదు. ఉంటే 'గుండె తలుపు' అయ్యేది, లేదు కాబట్టి 'గుండెలో' అని ఆయనే తేల్చుకున్నారు.